కరెంటొచ్చింది సరే, ఫ్రిజ్‌లోది తినొచ్చా?

2021 నవంబరు 18, గురువారం. పొద్దున్నుంచి పట్టిన వాన పట్టినట్టే ఉంది. తిరుపతిలో కపిలతీర్థం దగ్గర కొండ నీళ్ళు దూకుతున్న వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. తిరుమల ఘాట్ రోడ్లు మూసేశారని టీవీలో చెప్తూ ఉండగానే, రాత్రి తొమ్మిదింటికి, మా పూతలపట్టులో కరెంటు పోయింది. మర్నాడు తెల్లవారకముందే కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అంత కష్టం ముందు మా ఇంటి ఫ్రిజ్ గొడవ చెప్పుకోదగ్గదే కాదు. కానీ ఆ రోజు మాకున్న గొడవ అదే కాబట్టి అదే చెప్తాను.

నేను హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయిన మనిషిని. ఊళ్ళో ఇప్పటికీ అయ్యోరు అనే పిలుస్తారు. ల్యాబులో వాడే గాజు థర్మామీటరు ఒకటి నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. ఆ వారం మా మనవరాలు చిన్నమ్మి బెంగళూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, ఎనిమిదో తరగతి. కరెంటు పోగానే మా ఆవిడ టార్చి పట్టుకొని నేరుగా ఫ్రిజ్ దగ్గరికి పోయింది.

"తలుపు తియ్యొద్దు, ఆగు" అన్నాను.

"తియ్యకుండా ఎట్లా తెలుస్తాది లోపల ఏముండాదో?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే ముందు ముగ్గురం చీకట్లో కూచొని లోపల ఏమేమున్నాయో నోటితో లెక్క వేసుకున్నాం. అరలీటరు పాల ప్యాకెట్లు రెండు. మధ్యాహ్నం మిగిలిన కందిపప్పు, ఒక గిన్నెడు అన్నం, టెంకాయ చట్నీ. దోసెల పిండి. పెరుగు. ఎనిమిది గుడ్లు. టమోటాలు, కొత్తిమీర. మా ఆవిడ ఇన్సులిన్. నిమ్మకాయ ఊరగాయ. అంతే అనుకున్నాం. అప్పుడు చిన్నమ్మి మెల్లగా, "ఫ్రీజర్లో చికెన్ కూడా ఉంది కదా తాతా" అంది. ఆదివారం పిల్లకి వండిపెడదామని నేనే తెచ్చి, పాత క్యారీబ్యాగులో చుట్టి, ఐసు ట్రే వెనకాల దాచిన కిలో కోడి. కార్తీక పౌర్ణమి ముందు రోజు రాత్రి ఇంట్లో కోడి ఉందన్న సంగతి మా ఆవిడకి తెలిసింది ఈ కరెంటు పోవడం వల్లే. ఆ తర్వాత జరిగిన మాటలు సైన్సులోకి రావు, వదిలేస్తాను.

ఫ్రిజ్ చలిని తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది లోపలి వేడిని మోసుకెళ్ళి వెనకాల జాలీ దగ్గర పారబోయడం. బావిలో ఊట ఊరుతున్నట్టు గోడల గుండా, తలుపు రబ్బరు సందుల గుండా వేడి లోపలికి ఊరుతూనే ఉంటుంది. కంప్రెసరు దాన్ని తోడిపోస్తూనే ఉంటుంది. కరెంటు పోతే తోడేవాడు పోయాడు, ఊట మాత్రం ఆగలేదు. మా ఇంట్లో ఉండే ఒంటి తలుపు ఫ్రిజ్ లాంటిదానిలోకి రోజు మొత్తం మీద ఊరే వేడి సుమారుగా ఒక యూనిట్ కరెంటుకు సమానం అనుకోండి. గంటల మీద పంచితే, గంటకు దాదాపు అరకిలో ఐసును కరిగించేంత వేడి. ఇది ఉజ్జాయింపు లెక్కే, ఫ్రిజ్‌ని బట్టి, గదిని బట్టి మారుతుంది. కానీ ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాదంతా మనమే లెక్కేసుకోవచ్చు. ఫ్రీజర్లో ఐసూ గడ్డకట్టిన సరుకూ కలిపి రెండు కిలోలుంటే, ఆ వేడిలో మొదటి నాలుగు గంటలది అవి మింగేస్తాయి. ఏమీ లేని ఖాళీ ఫ్రీజరైతే ఆ వేడంతా మొదటి గంట నుంచే పాల మీద, పప్పు మీద పడుతుంది.

ఐసుకి అంత ఆకలి ఎందుకు? సున్నా డిగ్రీల ఐసు సున్నా డిగ్రీల నీళ్ళుగా మారడానికి తీసుకునే వేడితో అంతే బరువు నీళ్ళని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. టీ పెట్టుకునేంత వేడిని మింగి కూడా చన్నీళ్ళుగానే ఉంటుందన్నమాట. అందుకే వాన సూచన ఉన్నప్పుడు నేను రెండు నీళ్ళ సీసాలు ముప్పాతిక వంతు నింపి ఫ్రీజర్లో పడేస్తాను. నిండా నింపితే గడ్డకట్టేటప్పుడు సాగి పగిలిపోతాయి.

ఇక తలుపు సంగతి. తలుపు తీస్తే చలంతా పోతుందని అరుస్తాం కదా, నేనూ అరిచాను. నిజానికి ఫ్రిజ్ నిండా ఉన్న చల్లటి గాలి పూర్తిగా జారిపోయి దాని బదులు గది గాలి వచ్చి చేరినా, అందులోని తేమతో సహా, జరిగే నష్టం ఒకటి రెండు ఐసు ముక్కలు కరిగినంత. గాలి తేలిక సరుకు, దానిలో దాచుకునే వేడి కొంచెమే. ఒకసారి చకచకా తీసి మూస్తే కొంప మునగదు. టార్చి పట్టుకొని, తలుపు బార్లా తెరిచి, "పెరుగు ఎక్కడ పెట్టిండాను" అని ఐదు నిమిషాలు వెతికితే మునుగుతుంది. అందుకే చీకట్లో ముందు జాబితా వేసుకున్నది.

తొమ్మిదిన్నరకి ఒకే ఒక్కసారి తీశాం. పాల ప్యాకెట్లు రెండూ బయటికి వచ్చాయి. లోపల ఉన్న స్టీలు గ్లాసు నీళ్ళలో నా థర్మామీటరు దించాను. 6 డిగ్రీలు. కారుతున్న కోడి సంచి కింద ఒక గిన్నె పెట్టాను. తలుపు వేసేశాం.

పాలను ఎందుకు తీశానంటే, వాన పద్ధతి చూస్తే తెల్లారేలోగా కరెంటు వచ్చే రకంగా లేదు. పాలకి రెండే దార్లు. చల్లగా ఉంచడం, లేకపోతే పులియబెట్టడం. మొదటిది మన చేతుల్లో లేకుండా పోయింది. గ్యాసు స్టవ్వు మీద కాచి, గోరువెచ్చగా అయ్యాక మా ఆవిడ తోడుపెట్టింది. పెరుగు కావడమంటే మంచి బాక్టీరియా పాలలోని చక్కెరను పులుపుగా మార్చి, ఆ పులుపుతో వేరే బాక్టీరియాకు చోటు లేకుండా చెయ్యడం. ఫ్రిజ్ లేని రోజుల్లో పాలను మర్నాటిదాకా కాపాడుకున్నది ఈ దారినే. అయితే ఇది కరెంటు పోయిన మొదటి రెండు మూడు గంటల్లో చెయ్యాల్సిన పని. రాత్రంతా ఫ్రిజ్‌లో వెచ్చబడిన పాలను పొద్దున్నే తీసి, కాచి, విరగలేదు కదా అని తాగడం వేరు. పాలు విరిగితే అవి పులిశాయని గుర్తు, అంతే. విరగకపోతే క్షేమం అని పాలు ఎవరికీ మాటివ్వలేదు.

రాత్రి పడుకునేటప్పుడు చిన్నమ్మి అడిగింది. "తాతా, ఎన్ని గంటలైతే పారెయ్యాలి?"

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది. తలుపు మూసి ఉంచితే ఫ్రిజ్ కింది అరల్లోవి 4 గంటలు భద్రం. నిండుగా ఉన్న ఫ్రీజరు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు. ఫోన్లలో తిరిగేది ఈ లెక్కే. మొదటి అంకె మనకి దాదాపుగా సరిపోతుంది. రెండోది మాత్రం మన ఇళ్ళలో నమ్మితే మోసం. అది మైనస్ 18 డిగ్రీల్లో, తనకంటూ మందపాటి గోడలూ తలుపూ ఉన్న పెద్ద ఫ్రీజరు గురించి చెప్పింది, మటన్ అంగడిలోనో ఐస్‌క్రీం అంగడిలోనో ఉండే పెట్టె లాంటిది. మన ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజరంటే పైనున్న చిన్న గూడు. దానికి పల్చటి ప్లాస్టిక్ రెక్క. కింద పప్పు వెచ్చబడుతుంటే ఆ వెచ్చదనాన్ని మింగేది ఈ గూట్లోని ఐసే. అది ఒక్క రోజు నిలిస్తే గొప్ప.

శుక్రవారం పొద్దున ఆరింటికి మళ్ళీ తీశాం. కరెంటు పోయి తొమ్మిది గంటలు. గదిలో 24 డిగ్రీలు, వాన చలి. గ్లాసు నీళ్ళు 13. చెయ్యి పెడితే చల్లగానే ఉంది. పప్పు గిన్నె కూడా చల్లగానే ఉంది. మా ఆవిడ మూత తీసి వాసన చూసి, "బాగానే ఉండాది. కాస్త ఉడకేస్తే సరిపోతాది" అంది.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ముక్కు చెప్పే సాక్ష్యం అబద్ధం కాదు, కానీ అది వేరే కేసు సాక్ష్యం. తిండిని కంపు కొట్టించే బాక్టీరియా ఒక జాతి, మనిషికి వాంతులు పట్టించే బాక్టీరియా ఇంకో జాతి. మొదటివి చలిలో కూడా మెల్లగా పెరుగుతాయి, కంపు కొట్టి మనల్ని హెచ్చరిస్తాయి. రెండోవాటిలో చాలావాటికి వాసన లేదు, రుచి లేదు. అవి పెరిగిన పప్పు కమ్మగానే ఉంటుంది. చెయ్యి కూడా మంచి సాక్షి కాదు. మన ఒళ్ళు 37 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి 13 డిగ్రీల గిన్నె దానికి ఐసులా తోస్తుంది. అసలు హద్దు 5 డిగ్రీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన తిండిని 5 లోపల అయినా ఉంచమంటుంది, 60 పైన అయినా ఉంచమంటుంది. ఆ మధ్యలో రెండు గంటలకు మించి వదలొద్దంటుంది.

ఆ మధ్యలో ఏం జరుగుతుందో చిన్నమ్మి చేత లెక్క వేయించాను. మంచి వెచ్చదనంలో ఒక బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. గంటకి ఎనిమిది. నాలుగు గంటలకి 4,096. "అంతేనా?" అంది పిల్ల. ఎనిమిది గంటలకి వెయ్యమన్నాను. కాగితం చాల్లేదు. కోటీ అరవై ఏడు లక్షల చిల్లర. మొదటి నాలుగు గంటలకీ రెండో నాలుగు గంటలకీ ఉన్న తేడా అది.

మా పప్పు 13 డిగ్రీల్లో ఉంది కాబట్టి అంత వేగం ఉండదు. నిజం చెప్పాలంటే ఆ పొద్దున ఆ పప్పు తిన్నా మాకు ఏమీ కాకపోయి ఉండవచ్చు. కానీ ఎప్పుడు 5 దాటిందో, ఎంతసేపు పైన ఉందో మాకు తెలుసు, నాలుగు గంటలు ఎప్పుడో దాటాయి. ఇంట్లో షుగరున్న మనిషి ఉంది, చిన్నపిల్ల ఉంది. పారబోశాం.

"ఉడకేస్తే చస్తాయి కదా?" అన్న ప్రశ్నకి జవాబు ఇంకా బాకీ ఉంది. చస్తాయి. కానీ కొన్ని బాక్టీరియా చచ్చేముందే తిండిలో విషం కక్కి పోతాయి, ఆ విషాన్ని మన పొయ్యి ఏమీ చెయ్యలేదు. మన చర్మం మీద, ముక్కులో ఉండే స్టాఫ్ అనే రకం వడ్డించే చేత్తోనే పప్పులోకి పోతుంది. దాని విషం ఉడుకుకి లొంగదు. అన్నంలో ఇంకో రకం ఉంది, బాసిల్లస్ సీరియస్ అంటారు. అది ఎండు విత్తనం లాంటి రూపంలో బియ్యంలోనే ఉంటుంది. అన్నం ఉడికినా చావదు. అన్నం వెచ్చగా నిలవుంటే మొలకెత్తి, పెరిగి, వాంతులు పట్టించే విషం చేస్తుంది. ఆ విషం ప్రెషర్ కుక్కరుకు కూడా తలవంచదు. అందుకని మిగిలిన అన్నాన్ని తాలింపు వేసి చిత్రాన్నం చేస్తే పరవాలేదనే మాట వాసనకి సంబంధించిందే గానీ విషానికి సంబంధించింది కాదు. అన్నమూ పోయింది. టెంకాయ చట్నీ గురించి వాదనే లేదు, తురిమిన టెంకాయ వీటన్నిటికంటే ముందు పోయే సరుకు.

దోసెల పిండి ఉంచాం. అది ముందే పులిసిన సరుకు, ఇంకా పులిసింది. రెండు ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు తరిగేసి ఆ పూటే అట్లు పోసుకున్నాం. పెరుగూ అంతే, పుల్లబడింది, మజ్జిగ చేశాం. అమెరికా వాళ్ళ పట్టికలో పెరుగు కూడా పారెయ్యమనే ఉంటుంది. పులిసిన పెరుగుతో తరాలుగా బతుకుతున్న ఇంట్లో నేను ఆ మాట పట్టుకోను. రంగురంగుల బూజు కనపడితే, తీగలు సాగితే మాత్రం పారబోస్తాను. ఊరగాయ, టమోటాలు అసలు ఫ్రిజ్‌లో ఉండాల్సిన అవసరమే లేనివి. గుడ్లూ అంతే. మన అంగట్లో గుడ్లు అట్టల మీద బయటే ఉంటాయి. ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చాక పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడి లోపలికి దారి చూపిస్తుంది. అందుకని తుడిచి, పగుళ్ళున్నది ఒకటి తీసేసి, మిగతావి రెండు రోజుల్లో గట్టిగా ఉడకబెట్టి తినేశాం.

కొత్తిమీర పారేశాం. అదేం పాపం చేసిందని మా ఆవిడ అడిగింది. ఫ్రీజరు గూటి కింద చిల్లరు ట్రేలో ఉంది అది. నేను గిన్నె పెట్టకముందే కోడి సంచి నుంచి కారిన ఎర్రనీళ్ళు దాని మీద పడ్డాయి. కరెంటు పోయినప్పుడు చాలా ఇళ్ళలో ఎవరూ చూడనిది ఇదే. పచ్చిమాంసం నీళ్ళు పచ్చిగా తినే ఆకుమీద పడితే దాన్ని కడిగి వాడుకోవడం నాకు ధైర్యం చాలదు. టమోటాలు వేరే అరలో ఉండి బతికిపోయాయి.

ఇన్సులిన్ గురించి మా ఆవిడ గాభరా పడింది. మూత తియ్యని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, నిజమే. కానీ అది పాలలా విరిగిపోయే సరుకు కాదు. వాడకంలో ఉన్న ఇన్సులిన్ 30 డిగ్రీలు దాటని గదిలో మామూలుగా నాలుగు వారాల దాకా పనికొస్తుంది. రకాన్ని బట్టి మారుతుంది, డబ్బాలోని కాగితం మీద రాసుంటుంది. మేం సీసా మీద ఆ రోజు తేదీ రాసి, అప్పట్నుంచి దాన్ని బయట ఉన్న సీసాగానే లెక్కగట్టాం. మందుల షాపులో కూడా అదే చెప్పారు. తప్పు మాత్రం ఒకటి చెయ్యబోయాం. చల్లగా ఉంటుందని దాన్ని మా ఆవిడ మిగిలిన ఐసు ట్రేలో పెట్టబోయింది. వేడి కంటే గడ్డకట్టడమే ఇన్సులిన్‌కి ఎక్కువ చేటు. ఒకసారి గడ్డకడితే, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా, ఇక పనికిరాదు.

మిగిలింది కోడి. సంచి విప్పి ముక్కల మధ్య థర్మామీటరు దూర్చితే 2 డిగ్రీలు. పైముక్కలు మెత్తబడ్డాయి, నడిమిది రాయిలా ఉంది, వేలితో నొక్కితే ఐసు రవ్వలు కరకరలాడాయి. ఐసు రవ్వలున్నంతసేపు మాంసం ఫ్రిజ్‌లో ఉన్నట్టే లెక్క. వెంటనే వండొచ్చు, కరెంటుంటే మళ్ళీ గడ్డకట్టించనూ వచ్చు, కాస్త నీరు పోయి పీచుబడుతుంది అంతే. ఆ పొద్దున మాకున్న దారి వండడమే. అదీ అప్పుడే. సాయంత్రానికి ఆ ఐసు ఉండదు.

"పౌర్ణమి పూట నా పొయ్యి మీద కోడా?" అంది మా ఆవిడ.

చివరికి పక్కింటి పెద్దాయన వాళ్ళ పశువుల కొట్టంలో, వాన తడవని మూల, మూడు రాళ్ళ మీద సట్టి పెట్టి నేనూ చిన్నమ్మీ పులుసు కాచాం. వాళ్ళింట్లో నలుగురు, మేమిద్దరం, మధ్యాహ్నానికి సట్టి ఖాళీ. మిగల్చకూడదని ముందే అనుకున్నాం. మిగిలితే పెట్టడానికి ఫ్రిజ్ లేదు కదా.

కరెంటు శుక్రవారం రాత్రి ఏడింటికి వచ్చింది. మొత్తం 22 గంటలు. అప్పటికి మా గ్లాసులో నీళ్ళు 20 డిగ్రీలు.

శనివారం పొద్దున ఎదురింటి కోడలు వచ్చింది. గురువారం పొద్దునే పుట్టింటికి పోయి వానకి అక్కడే చిక్కుకుపోయిందట. "అయ్యోరా, ఫ్రీజర్లో అరకిలో కానగంతలు పెట్టిండాను. ఇప్పుడు చూస్తే రాయి మాదిరి ఉండాయి. వాసన కూడా రాలా. వండుకోవచ్చునా?"

ఇదీ అన్నిటికంటే ప్రమాదమైన ఘడియ. కరెంటు ఉన్నంతసేపు తిండి చల్లగా ఉంటుంది, పోతే వెచ్చబడుతుంది, ఇందులో మోసం లేదు. మోసమంతా కరెంటు తిరిగొచ్చాక. ఫ్రీజరు రెండు మూడు గంటల్లో జరిగిన నేరం ఆనవాళ్ళన్నీ గడ్డకట్టించేస్తుంది. చలి గడియారాన్ని ఆపుతుంది, వెనక్కి తిప్పదు. గురువారం రాత్రి నుంచి శుక్రవారం రాత్రి దాకా పెరిగినవి పెరిగే ఉన్నాయి, గడ్డకట్టి నిద్రపోతున్నాయి.

చేప మరీను. కానగంతల లాంటి చేపలు వెచ్చబడితే వాటి మాంసంలోని ఒక పదార్థాన్ని బాక్టీరియా హిస్టమిన్‌గా మారుస్తుంది. దురద పుట్టినప్పుడు మన ఒంట్లో పుట్టే హిస్టమినే. అది తింటే గంటలోపే మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, ఒళ్ళంతా దద్దుర్లు. చేప పడలేదంటారు జనం. ఆ హిస్టమిన్ గడ్డకట్టించినా పోదు, వేయించినా పోదు.

కానీ ఆ పిల్లకి ఇదంతా చెప్పి పారెయ్యమంటే నమ్ముతుందా? మూడొందలు పెట్టి కొన్న చేప. "నీ ఫ్రీజరు నాకు చూపించమ్మా" అన్నాను. ఐసు ట్రే బయటికి తీస్తే గళ్ళలో సగం ఖాళీ, మిగతా ఐసు ఒక పక్కకి వాలి ఉంది, ట్రే కింద పల్చటి ఐసు పొర. కరిగి ఒలికి మళ్ళీ కట్టింది. చేపల సంచి ఒక మూలలో గోధుమరంగు నీళ్ళు గడ్డకట్టి ముద్దయ్యాయి. సంచి అడుగున గూటి పలక మీది గాడులు అచ్చు పడి ఉన్నాయి. గట్టిగా ఉన్న చేప మీద అచ్చు పడదు, మెత్తబడి కూర్చుంటేనే పడుతుంది. ఒక్కోటి వేలితో చూపిస్తుంటే ఆమె తనే సంచి తీసి పక్కన పెట్టింది. "కుక్కకి వేద్దునా?" అంది. కుక్కకీ కడుపు ఉంటుంది కదమ్మా అంటే, మామిడిచెట్టు కింద గుంత తీసి పూడ్చింది.

మా అదృష్టం, అది నవంబరు. ఇదే 22 గంటలు మే నెలలో అయితే పద్ధతే వేరు. ఈ పక్క మామిడికాయ రాలగొట్టే గాలివాన ఏటా వస్తుంది, దానితో పాటే స్తంభాలూ కూలతాయి. వేడి ఊరే వేగం లోపలికీ బయటికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. గది 24 ఉంటే తేడా 19 డిగ్రీలు, వంటిల్లు 40 ఉంటే తేడా 35. ఊట దాదాపు రెట్టింపన్నమాట. అందుకే ఎండాకాలంలో నేను నాలుగు గంటలని లెక్కపెట్టుకోను, రెండు గంటలకే పాలు పొయ్యెక్కుతాయి. ఇన్సులిన్ అయితే కవర్లో చుట్టి, తడిగుడ్డ కప్పిన మట్టిముంతలో, గాలి ఆడే నీడలో.

ఎదురింటి సంగతి చూశాక చిన్నమ్మి ఒక చిట్కా పట్టుకొచ్చింది, ఫోన్లో చూసిందట. గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టాలి. ఊరి నుంచి వచ్చాక బిళ్ళ అడుగున ఉంటే ఫ్రీజరు కరిగినట్టు. బాగుంది, పెట్టించాను. ఆ సాయంత్రమే గ్లాసు తీసి బల్లమీద పెట్టి, కరుగుతుంటే ఇద్దరం కూచొని చూశాం. ఐసు ముందు గ్లాసు గోడల వెంట కరిగింది. తర్వాత గడ్డ ఊడి నీళ్ళలో తేలింది, నెత్తిన బిళ్ళ పెట్టుకొని. సగానికి పైగా కరిగినా బిళ్ళ పైనే ఉంది. తర్వాత గడ్డ ఒరిగితే ఒక్కసారిగా జారి అడుగుకి పోయింది. అంటే బిళ్ళ అడుగున ఉంటే కరిగిందని నమ్మొచ్చు, పైన ఉంటే మాత్రం కరగలేదని నమ్మడానికి లేదు.

అందుకని ఇప్పుడు మా ఫ్రీజర్లో ఇంకో సాక్షి ఉంటుంది. పది ఐసు ముక్కలు విడివిడిగా ఒక మూత డబ్బాలో. కదిపితే గలగలమంటాయి. మొన్న మదనపల్లెలో పెళ్ళికి పోయి మూడు రోజులకి వచ్చాం. ఫ్రిజ్ చల్లగానే ఉంది, పక్కింట్లో అడిగితే "కరెంటు పోయి వస్తా ఉండింది" అన్నారు. మా ఆవిడ డబ్బా తీసి చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. మూత తీస్తే ముక్కలన్నీ కలిసి అడుగున ఒకటే పలక. ఫ్రీజర్లో పావుకిలో కైమా ఉంది, పల్చగా అట్టులా పరిచిన ప్యాకెట్టు. ముద్దగా ఉన్న కిలో మాంసమైతే ఐసు ముక్కల కంటే నిదానంగా కరుగుతుంది, ఇంకా కాసేపు వాదించుకునేవాళ్ళమేమో. పల్చటి కైమా వాటితో పాటే కరిగి ఉంటుంది. నేను నోరు తెరిచేలోగానే ఆమె పార అందుకొని చెట్టు దగ్గరికి పోయింది.